బొమ్మ కింద రెండు లైన్లు

మా నాన్న చోటే మియా నల్లగొండ గోడల మీద అక్షరాలు రాసి మమ్మల్ని పెంచాడు. పళ్ళపొడి, ఎరువులు, చిట్‌ఫండు, ఏదైనా సరే, ఆయన కుంచె ముందుగా సరుకు పేరు రాసేది కాదు. కొనేవాడికి ముందు వాడికేమొస్తుందో చెప్పాలి, మన సరుకు సంగతి తర్వాత చెప్పుకోవచ్చు అనేవాడు. ఆ ఒక్క మాటతో నేను ముప్పై ఏళ్ళు బతికాను. ఆ మాట తప్పని ఇప్పుడూ అనను. దాన్ని వాడినవాడిది తప్పు. వాడు నేనే.

తొంభై ఐదులో నేను గడియారం సెంటర్ దగ్గర, ఒక హోటల్ మీది రెండు గదుల్లో పని చేసేవాణ్ణి. అమరేందర్ అనే ఇంజనీరు తెలుగులో అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి ‘తంగేడు’ అని పేరు పెట్టాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చిన్నాచితకా ప్రెస్సులు నూట అరవై దాకా దాన్ని కొన్నాయి. అమరేందర్ ప్రోగ్రాం రాస్తాడు. నేను ఊరూరా తిరిగి కంప్యూటర్లలో ఎక్కిస్తాను, ఆపరేటర్లకు నేర్పుతాను, నెలకొకసారి రెండు పేజీల కరపత్రం తయారుచేసి అందరికీ పోస్టులో పంపుతాను. అందులో కొత్తగా ఏమేం చేర్చామో ఉంటుంది. మొదటి పేజీలో కంప్యూటర్ తెర బొమ్మ, దాని కింద రెండు లైన్ల మాట.

ఆ రెండు లైన్లంటే నాకు ప్రాణం. అమరేందర్ రాసిస్తే అది మందుసీసా మీది చీటీలా ఉండేది. ఇన్ని కిలోబైట్లు, ఫలానా మీట, ఫలానా ఫైలు అని వరస పెడతాడు. ఆపరేటర్లు తెలివైనవాళ్ళే, ఆ లెక్కలన్నీ వాళ్ళకు అర్థమవుతాయి. కానీ పొద్దంతా కీబోర్డు కొట్టి వేళ్ళు నొప్పిపెట్టినవాడు ముందుగా అడిగేది, దీంతో నాకేం సుఖం అని. అందుకే నేను లాభం ముందు పెట్టి, లెక్క తర్వాత పెట్టేవాణ్ణి. అది ఎంత బాగా కుదిరిందంటే, చాలా ప్రెస్సుల్లో ఆ బొమ్మనూ దాని కింది రెండు లైన్లనూ కత్తిరించి కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకునేవాళ్ళు. మిగతా కాగితం ఏమయ్యేదో నేను చూడకపోలేదు. ఒకచోట అందులో మిర్చి బజ్జీలు కట్టుకుని తింటున్నారు. నేనూ రెండు తిని, నా రాత గోడెక్కిందని మురిసిపోయి వచ్చాను.

ఆ ఏడు వానాకాలం తర్వాత అమరేందర్ ఒక మంచి పని చేశాడు. మన దిక్కు కరెంటు సంగతి చెప్పేదేముంది, వస్తే వచ్చింది, పోతే పోయింది. బ్యాటరీ పెట్టె కొనే స్తోమత చిన్న ప్రెస్సులకు లేదు. కరెంటు పోతే, చివరిసారి సేవ్ చేసిన దాకా మిగులుతుంది, తర్వాత కొట్టిందంతా గాలికి పోతుంది. అందుకని ఆపరేటర్లు పేరా పేరాకూ ఆగి ఎఫ్‌టూ మీట నొక్కి సేవ్ చేసుకునేవాళ్ళు. అమరేందర్ ఏం చేశాడంటే, ఐదు నిమిషాలకొకసారి ప్రోగ్రామే ఎవరూ నొక్కకుండా ఒక నకలు రాసి పెట్టుకుంటుంది. కరెంటు వచ్చాక మళ్ళీ తెరిస్తే, నకలు ఉంది, తెరవమంటారా అని అడుగుతుంది.

ఒక్క మెలిక ఉంది. ఫైలు కంప్యూటర్ లోపలి హార్డ్ డిస్కులో ఉంటేనే ఈ నకలు. ఫ్లాపీలోంచి తెరిచిన ఫైలుకు లేదు. నకలు ఫైలు ఉన్నచోటే రాసుకుంటుంది, ఫ్లాపీ మీద రాయడం చాలా నెమ్మది, ఐదు నిమిషాలకొకసారి కీబోర్డు పావు నిమిషం బిగుసుకుపోతుంటే ఆపరేటర్లు తిడతారని అమరేందర్ దాన్ని ఫ్లాపీలకు ఆపేశాడు. ఈ సంగతి నాకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. నాకు తెలియదని చెప్పే వీలు లేదు.

నేను బొమ్మ కింద మొదటి లైను రాశాను: ‘కరెంటు పోయినా మీ అక్షరం పోదు.’ రెండో లైను: ‘ప్రతి ఐదు నిమిషాలకు తంగేడు తనంతట తానే నకలు దాచుకుంటుంది, వ్యవధిని సెట్టింగుల్లో ఒకటి నుంచి ముప్పై నిమిషాల దాకా మార్చుకోవచ్చు.’ అక్కడికి జాగా అయిపోయింది. ఫ్లాపీ మాట పెట్టాలంటే మూడో లైను కావాలి. మూడో లైను పెట్టాలంటే మొదటి లైను అక్షరాలు చిన్నవి చేయాలి. ఆ పెద్ద అక్షరాల్ని చూసుకుంటే కళ్ళు చల్లబడుతున్నాయి నాకు. చేయబుద్ధి కాలేదు.

అమరేందర్ చూసి, “పోదు అని రాసినవ్ యాకూబ్, ఫ్లాపీల ఉన్నది పోతది కద,” అన్నాడు.

రెండో పేజీలో సూచనల కింద పెడదామన్నాను. పెట్టాను కూడా, తొమ్మిదో సూచనగా. అతను తల గీక్కుని ఊరుకున్నాడు. రెండో పేజీలో బజ్జీలు కట్టుకుంటారని నాకు తెలుసు. అప్పుడు ఆ ఆలోచన రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది, పక్కకు తోసేశాను.

కొత్తకోటలో గుర్వయ్య అని ఒకాయన ప్రెస్సు నడిపేవాడు. బెంగుళూరు రోడ్డు మీద, లారీలు ఆగే దాబాల వరసకు ఎదురుగా ఉండేది. ఆ ప్రెస్సులో ఆపరేటర్ జాహేదా. ఇరవై ఒకటో రెండో ఉంటాయి. ఇంటర్ చదివింది. కంప్యూటర్ ఆమెకు నేర్పింది నేనే, మూడు రోజుల్లో నన్ను దాటిపోయింది. ఆడపిల్ల రోడ్డు మీది ప్రెస్సులో మగవాళ్ళ మధ్య కూర్చోవడమేమిటని ఆమె అన్న మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. పని మీద ఒక్క మాట వచ్చిన రోజు ఇంట్లో కూర్చోవాలని షరతు పెట్టి పంపాడట. తల్లి అజీజా బేగం కూతురి పక్షం. ఆ కుర్చీ ఉంటేనే జాహేదాకు బయటి లోకం. ఇది నాకు జాహేదాయే నవ్వుతూ చెప్పింది, నేర్పడానికి వెళ్ళినప్పుడు.

గుర్వయ్య ప్రెస్సుకు ఒక ఆచారం ఉండేది. అంతకుముందు ఎన్నికల్లో రెండు పార్టీల కరపత్రాలూ ఆయన దగ్గరే అచ్చయ్యాయి. ఒకరి తిట్లు ఒకరు కంప్యూటర్లో ముందే చదివేసి, జవాబు తిట్లు రాయించుకున్నారు. పెద్ద పంచాయితీ అయింది. ఆనాటి నుంచి ఎవరి మ్యాటరూ హార్డ్ డిస్కులో ఉండకూడదని గుర్వయ్య కట్టడి పెట్టాడు. ఎవరి ఫ్లాపీ వారిది, పని అంతా ఆ ఫ్లాపీలోనే, పొద్దుగూకగానే ఫ్లాపీలు బీరువాలో, తాళం చెవి ఆయన మొలతాడుకు. మీ కంప్యూటర్‌కు మడి కట్టారే అని నేనే ఎగతాళి చేశాను. అంటే కొత్తకోటలో పని ఫ్లాపీల్లో జరుగుతుందని కూడా నాకు తెలుసు.

కరపత్రం అందిన వారానికి గుర్వయ్య ఫోన్ చేశాడు. ఆయన తేలిగ్గా నమ్మే మనిషి కాదు. మెయిన్ స్విచ్చు తానే దించి, మళ్ళీ ఎత్తి చూశాడట. కొట్టిన అక్షరం కొట్టినట్టు తిరిగొచ్చిందట, ప్రెస్సంతా చప్పట్లు కొట్టారట. బ్యాటరీ పెట్టె ఖర్చు తప్పించావని నన్ను దీవించాడు. నేను ఉబ్బిపోయాను. ఏ ఫైలుతో చూశారు అని అడగలేదు. తర్వాత తెలిసింది, మేము తంగేడుతో పాటు ఇచ్చిన నమూనా పెళ్ళిపత్రికతో చూశారు. అది మేమే ఎక్కించింది, హార్డ్ డిస్కులో ఉండేది. తిరిగి రాక ఏం చేస్తుంది.

ఆ తర్వాత నెల కూడా తిరగలేదు. చుట్టుపక్కల ఆరు ప్రైవేటు స్కూళ్ళు కలిసి అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రాలు గుర్వయ్యకు ఇచ్చాయి. ప్రశ్నపత్రాలంటే మరీ గుట్టు. ఫ్లాపీ పొద్దున తెచ్చి సాయంత్రం పట్టుకుపోయే మనిషి వేరే ఉన్నాడు. ఆరోజు లెక్కలు, సైన్సు, పై తరగతులవి. పట్టికలు, భిన్నాలు, ఒక్కో పేజీ ఒక్కో యజ్ఞం. జాహేదా పొద్దున పది గంటలకు ఒకసారి అలవాటు కొద్దీ ఎఫ్‌టూ నొక్కింది. ఫ్లాపీ గరగరలాడి పావు నిమిషం తీసుకుంది. పని బోలెడంత ఉంది, గోడ మీద కరెంటు పోయినా మీ అక్షరం పోదని రాసి ఉంది. ఇక ఆగకుండా కొట్టింది. నాలుగూ నలభైకి కరెంటు పోయింది.

ఐదింటికి కరెంటు వచ్చాక ఫైలు తెరిస్తే పొద్దున పది గంటల దాకా కొట్టింది ఉంది. నకలు ఉందని ప్రోగ్రాం అడగలేదు. మూసి తెరిచింది, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది, ఫ్లాపీ తీసి తుడిచి పెట్టింది. లేని నకలు ఎక్కడినుంచి వస్తుంది.

మరునాడు పొద్దున గుర్వయ్య నాకు ఫోన్ చేశాడు. స్కూళ్ళవాళ్ళు రాత్రే వచ్చి గోల చేసి, పని పట్టుకుని వనపర్తిలో వేరే ప్రెస్సుకు పోయారు. పరీక్షలు రెండు రోజులు వాయిదా పడ్డాయి. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. ఆయనకు కావలసింది ఒకటే జవాబు. తప్పు నా సాఫ్ట్‌వేర్‌దా, ఆయన పిల్లదా.

అమరేందర్ ఆ గదిలో లేడు. నేనొక్కణ్ణే. చెప్పాల్సింది ఎంతో లేదు. గుర్వయ్యా, నేను రాసింది సగమే, మిగతా సగం మీ కంటపడని చోట పెట్టాను, ఆ పిల్ల తప్పు లేదు. ఇంతే. కానీ నూట అరవై ప్రెస్సులు కళ్ళ ముందు తిరిగాయి. తంగేడు మ్యాటర్ తింటుందని కొత్తకోటలో పుట్టిన మాట దేవరకొండ దాకా పాకుతుంది. నా పెద్ద అక్షరాల పరువు పోతుంది. నేను, ఫ్లాపీ ఫైళ్ళకు ఆ సదుపాయం లేదని రెండో పేజీలో స్పష్టంగా అచ్చేశాం కదా, తొమ్మిదో సూచన చూసుకోండి అన్నాను.

“అట్లనా. అయితే పిల్ల చదువలే,” అన్నాడు గుర్వయ్య.

నేను కాదనలేదు. ఇంతలో ఫోన్ చేతులు మారింది.

“సార్, నేను జాహేదాను. బొమ్మ కింద మీరు రాసింది రోజూ చదువుతనే ఉన్న. రెండో పేజీ నా దాంక రాలే. తప్పు నాదేనా సార్?”

పాఠం నేర్చుకునేవాళ్ళు అడిగినట్టే అడిగింది. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. నేను చెబితే అదే నిజమని ఒప్పుకునేలా ఉంది.

“ఆపరేటర్ అన్నంక పూర్తిగ చదువుకోవాలె కదమ్మా,” అన్నాను.

సరే సార్ అంది. ఫోన్ పెట్టేసింది. ఆ రెండు మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

అమరేందర్‌కు మధ్యాహ్నం చెప్పాను, అదీ సగమే. గుర్వయ్య ఫోన్ చేశాడు, ఫ్లాపీ సంగతి చెప్పాను అన్నాను. అమరేందర్ సూటి మనిషి. మన బొమ్మ కింద తప్పు రాశామని చెప్పావా అని అడిగాడు. నేను బీరువాలో ఏదో వెతికాను. వచ్చే నెల కరపత్రంలో అది సరిచేయాలన్నాడు. తిట్టి ఉంటే కొంత బరువు దిగేదేమో.

పది రోజులు ఆగాను. పని ఉందనుకున్నాను, జ్వరం అనుకున్నాను. నాకు జ్వరమూ లేదు, పాడూ లేదు. నిద్రలో కూడా ఆ మొదటి లైనే కనిపించేది, గోడంత అక్షరాల్లో. చివరికి కొత్త కరపత్రం చిత్తు జేబులో పెట్టుకుని దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సులు మారి కొత్తకోటలో దిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని దారి పొడవునా నాకు నేనే చెప్పుకున్నాను.

ప్రెస్సులో కంప్యూటర్ ముందు గుర్వయ్య అక్క కొడుకు కూర్చున్నాడు, రెండు వేళ్ళతో కొడుతున్నాడు. నేను గుర్వయ్యను పక్కకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఫ్లాపీకి నకలు లేదని నాకు ముందే తెలుసు, మీరు ఫ్లాపీల్లోనే పని చేస్తారనీ తెలుసు, మీరు గోడకు అంటించేది ఆ బొమ్మ ఒక్కటేననీ తెలుసు, అయినా బొమ్మ కింద పోదని రాశాను, ఫోన్‌లో ఆ పిల్ల మీదికి తోశాను. ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు.

“ఆనాడే చెప్తే ఆ పిల్లను వోనిచ్చేటోణ్ణి కాదు యాకూబ్ భాయ్. ఇప్పుడు మా అక్క కొడుకును కూసోవెట్టిన. వాణ్ణెట్ల లేపాలె, ఇంట్ల లొల్లి అయితది,” అన్నాడు. తర్వాత టీ చెప్పాడు. నేను తాగకుండా లేచాను.

జాహేదా ఇల్లు మసీదు వెనక సందులో. అన్న లేడు. అజీజా బేగం లోపలికి పిలిచి చాప వేసింది. కోపం చూపించలేదు, మంచినీళ్ళిచ్చింది, నా భార్య ఎలా ఉందని అడిగింది. జాహేదా కుట్టుమిషన్ దగ్గరినుంచి లేచి వచ్చింది. పక్కన ఎవరివో లంగాలు, జాకెట్లు గుట్టగా ఉన్నాయి. కుశలప్రశ్నలు ఉర్దూలో అయ్యాయి. అసలు మాట మాత్రం తెలుగులో వచ్చింది, మేమిద్దరం కంప్యూటర్ పని మాట్లాడుకున్నది ఎప్పుడూ తెలుగులోనే.

గుర్వయ్యకు చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. తప్పు నాది, నీది కాదు, గుర్వయ్యకు కూడా ఇప్పుడే చెప్పి వస్తున్నాను అన్నాను. ఆమె దారం ముక్క వేలికి చుట్టుకుంటూ విన్నది. అజీజా బేగం కూతురి ముఖం చూస్తూ నిలబడింది.

“ఆయన నన్ను మల్ల రమ్మన్నడా?” అని అడిగింది జాహేదా.

లేదన్నాను.

“ఆనాడు ఫోన్ల ఈ ఒక్క మాట చెప్తే నా కుర్సీ ఉంటుండె సార్. ఇప్పుడు చెప్తే మీ మనసు నిమ్మలమైతది, గంతే,” అంది. గొంతు పెంచలేదు. అన్నకు చెప్తానన్నాను. అన్నకు ఎవరి తప్పు అన్నది లెక్క కాదనీ, ప్రెస్సు నుంచి ఒక్క మాట వచ్చింది, అది చాలు అనీ అంది.

నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు, లేవబుద్ధి కాలేదు. చేతులకు ఏదో పని కావాలి కనుక జేబులోంచి చిత్తు తీశాను. తీసి ఆమెకిచ్చాను. ఎందుకిచ్చానో అప్పుడు నాకే తెలియదు. బాగుందని ఆమె నోటితో అనిపించుకోవాలన్న ఆశ ఉండి ఉంటుంది. నా బుద్ధి అంతవరకే.

ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని, ఆపరేటర్ చదివినట్టు, అక్షరం అక్షరం చదివింది. ఈసారి నేను మొదటి లైను అక్షరాలు చిన్నవి చేశాను. ‘కరెంటు పోయినా హార్డ్ డిస్కులోని మీ పని పోదు. ప్రతి ఐదు నిమిషాలకు నకలు తయారవుతుంది. ఫ్లాపీలో తెరిచిన ఫైలుకు నకలు లేదు, హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోండి.’ మూడు లైన్లు.

“ఎక్కించుకునే వీలు లేనోళ్ళు ఉంటరు సార్, మా ప్రెస్సు లెక్క. వాళ్ళకు ఎఫ్‌టూ కొట్టుకుంట ఉండుమని గిక్కడనే రాయుండ్రి,” అంది.

నేను కలం తీసి, ఆమె చూపించిన చోట రాశాను. నాలుగు లైన్లయ్యాయి. నేనూ అమరేందరూ కలిసి రెండు నెలల్లో చూడని దాన్ని ఆమె ఒక్క చూపులో పట్టుకుంది. ఆ మాటే పైకి అన్నాను. ఆమె తల్లివైపు చూసి కొంచెం నవ్వింది, పని బాగా చేసినప్పుడు నవ్వే నవ్వు. తర్వాత ఆ నవ్వు పోయింది.

“ఇది ఎవలెవలికి పంపుతరు?” అని అడిగింది.

అన్ని ప్రెస్సుల ఆపరేటర్లకూ అన్నాను.

“మంచిగున్నది. పంపుండ్రి,” అని కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. “నాకైతే వద్దు సార్.”

అజీజా బేగం అన్నం తిని పొమ్మంది. బస్సు ఉందని చెప్పాను. సందు మలుపు తిరిగేదాకా వెనక కుట్టుమిషన్ చప్పుడు వినబడుతూనే ఉంది.